క్రెమా ఇచ్చే గవాహీ

మా ఆపా కొడుకు బస్టాండు దగ్గర చిన్న కాఫీ దుకాణం పెట్టి నాలుగు నెలలైంది. సెకండ్ హ్యాండ్ ఎస్ప్రెసో మెషిన్, గ్రైండర్, రెండు బల్లలు, అంతే వాడి దునియా. పోయిన నెల ఓ రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మామూ, కొత్తగా తెప్పించిన గింజలు ఖరాబ్. వాపస్ పంపించేస్తున్నా."

"ఏమైంది బేటా?"

"క్రెమా రావట్లేదు మామూ. పాత గింజలకైతే వేలు మందం నురగ కట్టేది. దీనికి పలచటి పొర, అంతే. కాఫీ కూడా నీళ్లలా ఉంది."

ఆ కొత్త గింజలు మన అరకు అరబికా. తెప్పించుకోమని సలహా ఇచ్చింది నేనే. అంటే పోయేది వాడి పైసలు, నా ఇజ్జత్. చెప్పులు వేసుకుని బయల్దేరాను.

దుకాణంలో ఏం జరిగిందో చెప్పేముందు ఈ క్రెమా అనేది ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. మన షాదీల్లో 'ఎస్ప్రెసో కాఫీ' అని బుసబుసమనే మెషిన్ కింద కప్పు పెట్టి ఇస్తారు కదా, ఆ నురగ ఇది కాదు. అది పాలలోకి ఆవిరి కొట్టినందుకు లేచే నురగ. క్రెమా అసలు పాల చుక్క లేకుండా, ఉత్త కాఫీ డికాక్షన్ మీద తేనెరంగులో తేలే పొర.

దీని వతన్ ఇటలీలోని మిలాన్ నగరం. 1901లో లుయీజీ బెజ్జెరా అనే ఆయన పేటెంట్ తీసుకున్న మెషిన్ ఆవిరి బలంతోనే నీళ్లను కాఫీ పొడిలోంచి తోసేది. ఆ ఒత్తిడి మహా అయితే ఒకటిన్నర బార్. ఆ కాఫీ మీద నురగ ఉండేది కాదు. అదే మిలాన్‌లో కాఫీ బార్ నడిపిన ఆకిల్లే గాజ్జా ఆవిరిని పక్కన పెట్టి, చేత్తో లాగే లివర్, దానికో స్ప్రింగ్, పిస్టన్ పెట్టాడు. ఒత్తిడి ఒక్కసారిగా ఎనిమిది, తొమ్మిది బార్‌లకు ఎగబాకింది. కాఫీ మీద ఎన్నడూ లేని నురగ తేలింది. కొత్తది చూస్తే జనానికి షక్ వస్తుంది కదా, అందుకని 1948లో అమ్మకానికి తెచ్చిన మెషిన్ల మీద ఇది కాఫీ సహజంగా ఇచ్చే మీగడే అన్న అర్థం వచ్చేలా రాయించాడు. నా లెక్కన నురగకు గొప్పతనం అంటగట్టడం ఆ బోర్డుతోనే షురూ అయింది. అప్పట్లో దాని మతలబ్ నిజమే. నురగ ఉందంటే కొత్త మెషిన్, లేదంటే పాత ఆవిరి మెషిన్. ఇప్పుడు అన్ని మెషిన్లూ తొమ్మిది బార్‌లు ఇస్తున్నా మనం ఆ పాత గుర్తునే పట్టుకుని వేలాడుతున్నాం.

నురగ ఎందుకొస్తుంది అంటే, గోలీసోడా గుర్తు చేసుకోండి. గోలీ బిగిసి ఉన్నంతసేపు గ్యాసు నీళ్లలో కరిగి గమ్మున ఉంటుంది. గోలీ నొక్కగానే ఒత్తిడి పోయి బుస్సున పొంగుతుంది. కాఫీ గింజను వేయించినప్పుడు దానిలోపల బొగ్గుపులుసు వాయువు పుట్టి ఆ చిన్న చిన్న గదుల్లో చిక్కుకుపోతుంది. తర్వాత రోజూ కొంచెం కొంచెం బయటికి పోతుంటుంది. గింజను పొడి కొడితే ఆ పోవడం చాలా తొందరగా జరుగుతుంది. ఎస్ప్రెసో మెషిన్‌లో వేడినీళ్లు తొమ్మిది బార్‌ల ఒత్తిడితో ఆ పొడిలోకి దూరినప్పుడు మిగిలిన గ్యాసు నీళ్లలో కరుగుతుంది. కప్పులోకి దిగేసరికి ఒత్తిడి ఉండదు. గోలీ నొక్కినట్టే, గ్యాసు సన్న సన్న బుడగలై లేస్తుంది.

మరి సోడా నురగ చిటికెలో చచ్చిపోతుంది, క్రెమా ఒకటి రెండు నిమిషాలు ఎందుకుంటుంది? కుంకుడు రసం నురగ నిలబడినట్టే. వేయించినప్పుడు తయారైన గోధుమరంగు పదార్థాలు, మాంసకృత్తులు, పిండిజాతి పదార్థాలు కాఫీలో కరిగి, ఒక్కో బుడగ చుట్టూ పలచటి తొడుగులా నిలబడతాయి. అమ్మీ చిన్నప్పుడు తలంటేటప్పుడు చూసేవాళ్లం, నూనె తల మీద మొదటిసారి రసం పోస్తే నురగ రాదు. రెండోసారికే వస్తుంది. నూనె నురగకు దుష్మన్. కాఫీలోనూ అంతే. అరబికా గింజలో నూనె నూటికి 15 పాళ్ల దాకా ఉంటుంది, రోబస్టాలో 10 పాళ్ల దాకా. అందుకే రోబస్టా మీద నురగ దట్టంగా కడుతుంది, అరబికా మీద పలచగా. మన దేశంలో పండేది ఎక్కువ భాగం రోబస్టాయే. దాన్ని ఇటలీ వాళ్లు కొనుక్కుపోయి తమ మిశ్రమాల్లో కలుపుకునే కారణాల్లో ఈ క్రెమా ఒకటి.

ఇప్పుడు దుకాణానికి వద్దాం. భాంజా దగ్గర ఒక చిన్న గాజు గ్లాసు ఉంది, 60 మిల్లీలీటర్ల దగ్గర గీత. గీత దాకా రాగానే మెషిన్ ఆపేస్తాడు. ముందు పాత గింజలతో తీయమన్నాను. అవి నల్లగా వేయించినవి, సగానికి పైగా రోబస్టా, వేయించి నాలుగు రోజులే. 18 గ్రాముల పొడి వేసి తీస్తే క్రెమా గ్లాసులో సగం దాకా నిండింది. చూడ్డానికి బహుత్ ఖూబ్.

"చూశారా మామూ!" అన్నాడు.

గ్లాసును అలాగే త్రాసు మీద పెట్టాం. గ్లాసు బరువు తీసేస్తే కాఫీ 34 గ్రాములు. 60 మిల్లీలీటర్ల చోటు నింపింది 34 గ్రాములే, మిగతాది గాలి. మూడు నిమిషాలు ఓపిక పడితే నురగ దిగి, కాఫీ గీతకు చాలా కిందికి వచ్చి కూర్చుంది. తర్వాత అరకు గింజలు. వేయించి రెండు వారాలైంది. అదే పొడి, అదే గీత. త్రాసు మీద పెడితే 50 గ్రాములు.

అప్పుడు అర్థమైంది వాడికి. నురగ తక్కువ కాబట్టి గీత దాకా నింపడానికి మెషిన్ ఇంకాసేపు నడిచింది. అంటే అదే పొడిలోంచి వాడు ఒకటిన్నర రెట్లు నీళ్లు పిండుతున్నాడు. పలచగా రాక ఏమవుతుంది? గింజల మీద మోపిన ఇల్జామ్ నిజానికి గీతది. నురగను కాఫీ కింద లెక్కేసింది గీతే.

గీత వదిలేసి, త్రాసు మీద 36 గ్రాములు రాగానే ఆపేలా మళ్లీ తీశాడు. 18కి రెట్టింపు. గ్రైండర్ ఒక మెట్టు సన్నగా తిప్పాక 28 సెకన్లకు దిగింది. పైన క్రెమా అర సెంటీమీటర్ కూడా లేదు. తాగాడు. ఏమీ మాట్లాడలేదు. ఇంకో గుటక వేశాడు. బెల్లపు తీపి, చివర కొంచెం నారింజ పులుపు. పాత గింజల గ్లాసులో ఏముందో చెప్పనా? కాలిన చేదు. కప్పులో సగం వదిలేసి పోతున్న గిరాకీలు ఎందుకు వదిలేస్తున్నారో నాలుగు నెలల నుంచి వాడికి తెలియలేదు.

ఆ రోజు ఇంకో పని చేయించాను. చెంచాతో ఉత్త క్రెమా తీసి నాలుక మీద వేసుకోమన్నాను. మొహం మాడ్చుకున్నాడు. కాఫీ సన్న ధూళి ఆ బుడగల్లో చిక్కుకుని పైకి తేలుతుంది, అందుకే అది కప్పులో అన్నిటికంటే చేదు భాగం. 2007లో ప్రపంచ బరిస్టా చాంపియన్ అయిన జేమ్స్ హాఫ్మన్, ఎస్ప్రెసోకు నీళ్లు కలిపి చేసే అమెరికానో మీద క్రెమాను చెంచాతో తీసి పడేయమని చెబుతాడు. నేనంత దూరం పోను. చెంచాతో కలిపి తాగండి చాలు.

మరి క్రెమాకు విలువే లేదా? ఉంది. నేను దాన్ని ఒక గవాహ్ అంటాను. తాను చూసిందే చెప్పగలదు. చూసింది రెండే, గింజలో గ్యాసు ఇంకా ఉందని, నీళ్లు ఒత్తిడితో పోయాయని. రుచి గురించి అడిగితే ఆ గవాహ్‌కు తెలియదు. కాబట్టి క్రెమా బొత్తిగా లేకపోతే నేను ఆగి చూస్తాను. గింజలు పాతబడ్డాయా, పొడి బరకగా ఉందా, పంపు సరిగ్గా నొక్కట్లేదా? మూడింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. ఎక్కువగా ఉంటే మాత్రం ఏమీ తేలదు. రోబస్టా కావచ్చు. నిన్ననే వేయించిన గింజలూ కావచ్చు. అలాంటివి మహా ప్రమాదం. గ్యాసు మరీ ఎక్కువై పొడిలో నీళ్లకు దారి ఇవ్వదు, ఒకచోట పిండి ఇంకోచోట వదిలేస్తుంది. కప్పు నిండా పెద్ద పెద్ద బుడగలు, కింద పుల్లటి గరగర కాఫీ. అందుకే వేయించాక వారం, పది రోజులు ఆగమంటారు.

ఝూటా గవాహ్‌లు కూడా ఉన్నారు. మా ఇంట్లో చిన్న మెషిన్‌కు వచ్చిన జల్లెడ గిన్నెను తిరగేస్తే అడుగున ఒకటే ఒక్క సన్న చిల్లు. లోపల ఒక జల్లెడ, కింద ఇంకో పళ్లెం. కాఫీ ఆ ఒక్క చిల్లులోంచి దూకేటప్పుడే నురగ కొడుతుంది. నెల నాటి పొడి వేసినా అందంగా కట్టింది, తాగితే అట్టముక్క నానబెట్టిన రుచి. ఇంట్లో మెషిన్ కొన్నవాళ్లు ముందు గిన్నె తిరగేసి చూసుకోండి.

భాంజా గింజలు వాపస్ పంపలేదు. కానీ ఒక విషయంలో నాతో బహస్ చేశాడు, ఒప్పుకోక తప్పలేదు. "మామూ, గిరాకీ ముందు కళ్లతో తాగుతాడు. నురగ లేకపోతే పాతదనుకుంటాడు. ఒక్కొక్కరికీ గోలీసోడా కథ చెప్పలేను కదా" అన్నాడు. సరే, మంచి రోబస్టా వెతికి నూటికి 20 పాళ్లు కలపమన్నాను. రోబస్టా అంటేనే నాసిరకం అనేవాళ్ల మాట నేను నమ్మను. శుభ్రంగా కడిగి ఆరబెట్టింది, నల్లగా మాడ్చనిది అయితే కాఫీకి ఒళ్లు ఇస్తుంది. ఇప్పుడు అక్కడ క్రెమా మధ్యరకంగా కడుతోంది. తూకం మాత్రం 36 గ్రాములే.

గీత ఉన్న గ్లాసులో చెంచాలు పెట్టుకుంటున్నాడు.