వేసిన డబ్బు వెనక్కి అడిగితే

ఆ రాత్రి పదిన్నరకి మా పక్కింటి అబ్బాయి ఫోన్ పట్టుకుని వచ్చాడు. క్రికెట్ పందేలూ, కేసినో ఆటలూ ఉండే ఒక విదేశీ సైట్‌లో యూపీఐ ద్వారా పదివేలు వేశాడట. వేసిన ఐదు నిమిషాలకే భయం పట్టుకుంది. ఒక్క ఆటా ఆడకుండా విత్‌డ్రా నొక్కాడు. డబ్బు రాలేదు. తెర మీద ఒక గీత, దాని పక్కన ‘రోలోవర్ 0 / 30,000’ అని అంకెలు కనిపించాయి.

“బాబాయ్, నేను బోనస్ తీసుకోలేదు. ఏమీ ఆడలేదు. నా డబ్బు నాకివ్వడానికి వాళ్లకేంటి అడ్డం?” అన్నాడు.

బోనస్ ఇచ్చినప్పుడు ఇన్నింతలు ఆడాలనే షరతు చాలామందికి తెలుసు. వాళ్ల డబ్బు ఇచ్చారు కాబట్టి వాళ్ల షరతు పెట్టారు. కానీ బోనస్ లేని ఉత్త డిపాజిట్ మీద కూడా ఇలాంటి నిబంధన ఉంటుందని డబ్బు వేసేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. కొన్నిచోట్ల వేసినంత మొత్తం ఒకసారి పందెం కాస్తే చాలు. కొన్నిచోట్ల మూడింతలు కాయాలి. ఇది బోనస్ పేజీలో ఉండదు. నియమాల్లో విత్‌డ్రా గురించి చెప్పేచోటో, మనీ లాండరింగ్ నిరోధం అనే శీర్షిక కిందో ఉంటుంది. అబ్బాయి ఫోన్లో ఇద్దరం వెతికితే అక్కడే దొరికింది.

ఆ శీర్షిక కింద పెట్టడంలోనే వాళ్ల మొదటి కారణం ఉంది. అది పూర్తిగా అబద్ధం కాదు. దొంగిలించిన కార్డుతో డబ్బు వేసి, ఏమీ ఆడకుండా వేరే ఖాతాలోకి తీసుకుంటే ఆ సైట్ దొంగసొమ్ముకి చాకిరేవు అవుతుంది. ఎవరైనా అడిగితే ఆటలో వచ్చిందని చెప్పుకోవచ్చు. అందుకే కనీసం ఒకసారి ఆడమంటారు.

అయితే ఈ అడ్డు ఎంత గట్టిదో చూడండి. యూరోపియన్ రూలెట్ చక్రంలో 37 గడులు ఉంటాయి. ఎరుపు మీద ఐదువేలు, నలుపు మీద ఐదువేలు కాస్తే, సున్నా పడితే తప్ప వేసిన పదివేలూ తిరిగొస్తాయి. అలా మూడుసార్లు తిప్పితే ముప్ఫైవేల టర్నోవర్ పూర్తవుతుంది. నూటికి 92 సార్లు మొత్తం సొమ్ము చెక్కుచెదరదు. ఇది సైట్లకూ తెలుసు కాబట్టే, ఒకే ఆటలో ఎదురెదురు పందేలు లెక్కలోకి రావని చాలామంది రాసిపెడతారు. దొంగ అప్పటికీ ఆగడు. మూడింతలు కాసినా సగటున నూటికి తొమ్మిది రూపాయలలోపు పోగొట్టుకుని నల్లడబ్బు తెల్లబడుతుందంటే అతనికది చౌక బేరమే. అతన్ని నిజంగా ఆపేవి రెండే: డబ్బు వేసినవాడెవరో కాగితాలతో రుజువు చేసుకోవడం, ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి పంపడం. ఈ రెండూ చేసే సైట్‌కి, ఆడని డబ్బు వెనక్కి ఇవ్వడంలో భయపడేది పెద్దగా ఉండదు.

రెండో కారణం ఖర్చు. డబ్బు లోపలికి వచ్చేటప్పుడూ బయటికి వెళ్లేటప్పుడూ మధ్యలో చెల్లింపు సంస్థలు కమీషన్ తీసుకుంటాయి. ఒకడు రోజూ వేసి తీసుకుంటూ ఉంటే సైట్‌కి నష్టమే. ఈ మాట ఒప్పుకుంటాను. అలాంటప్పుడు అయిన ఖర్చు ఇంత అని చెప్పి పట్టుకోవచ్చు. మూడింతలు పందెం కాయమనడానికీ ఆ ఖర్చుకీ పొంతన లేదు.

మన దేశంలో మూడో కారణం కూడా ఉండేది. దాన్ని తెచ్చిపెట్టింది పన్ను చట్టం. 2023 అక్టోబర్ 1 నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. అప్పుడు పదివేలు వేస్తే అందులో 2,187 రూపాయల యాభై పైసలు పన్నుకే పోయేవి. జీఎస్టీ నియమాల్లో 31బి అని ఒకటుంది. ఆటగాడు ఆడకుండా డబ్బు వెనక్కి తీసుకున్నా సరే, ఆ మొత్తాన్ని పన్ను లెక్కలోంచి తీసేయకూడదని అది చెబుతుంది. అంటే పదివేలూ తిరిగిస్తే రెండువేల పైచిలుకు కంపెనీ జేబులోంచి పోయేది. డిపాజిట్ ఒక అర, గెలుపు ఇంకో అర అని వాలెట్‌ని విడగొట్టి, గెలుపునే బయటికి తీయనిచ్చే పద్ధతి అంతకుముందే కొన్నిచోట్ల ఉండేది. ఈ పన్ను దానికి సాకు కాదు, నిజమైన కారణమే ఇచ్చింది. కానీ మా అబ్బాయి డబ్బు వేసింది ఇక్కడ పన్ను కట్టని విదేశీ సైట్‌లో. పైగా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది.

ఇక సైట్లు పైకి చెప్పని కారణం ఉంది. దాన్ని లెక్కలోనే చూడాలి. అబ్బాయి ముప్ఫైవేల టర్నోవర్ స్లాట్ ఆటల్లో పూర్తి చేశాడనుకుందాం. వందకి 96 తిరిగిచ్చే ఆట అయితే సగటున పోయేది 1,200. రూలెట్లో పోయేది తక్కువ, సుమారు 810. అందుకని కొన్ని సైట్లు రూలెట్ పందెంలో పదోవంతే లెక్కలోకి తీసుకుంటాం అంటాయి. అప్పుడు ముప్ఫైవేలు కాస్తా మూడు లక్షలవుతాయి. సగటు నష్టం ఎనిమిదివేలు దాటుతుంది. అదీ సగటే. పదివేలు చేతిలో పెట్టుకుని మూడు లక్షల పందేలు కాసేవాళ్లలో చాలామంది దారిలోనే సున్నాకి వచ్చేస్తారు. పోయిన డబ్బు కోసం ఇంకోసారి వేసేవాళ్ల సంగతి ఈ లెక్కలో లేనే లేదు.

నాకు కోపం తెప్పించేది ఆ ఎనిమిదివేలు కాదు. ఆ నిబంధన ఎవరి మీద పడుతుందన్నది. ఆడేవాడికి దానితో పని లేదు, ఎలాగూ ఆడతాడు. తప్పు చేశాననుకుని వెనక్కి తిరిగినవాడికే అది అడ్డొస్తుంది. జూదంలోంచి మనిషి బయటపడే క్షణాలు చాలా తక్కువ. డబ్బు వేసి చెయ్యి వణికిన ఆ ఐదు నిమిషాలు అలాంటివి. ఆ సమయంలో ‘ముందు ఆడు, తర్వాత అడుగు’ అనడం మనిషిని లోపలికి తోయడమే. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఈ సంగతి గ్రహించింది. విత్‌డ్రాకి పెట్టిన డబ్బుని మధ్యలో వెనక్కి తీసుకుని మళ్లీ ఆడేలా ఉండే ఏర్పాటును 2021 అక్టోబర్ 31 నుంచి శాశ్వతంగా నిషేధించింది. మనసు మార్చుకున్నవాణ్ణి మళ్లీ పందెం వైపు తిప్పకూడదన్నదే దాని ఉద్దేశం.

ఆ రాత్రి అబ్బాయి చేత యూపీఐ రసీదు తీయించాను. డబ్బు వెళ్లింది సైట్ పేరుకి కాదు, ఎవరో ఒక మనిషి ఖాతాకి. మూడింతల నియమం రాసినవాడికీ, డబ్బు అందుకున్నవాడికీ కాగితం మీద సంబంధమే లేదు. దొంగసొమ్మును ఆపడానికే ఈ నియమం అని చెప్పిన సైటే డబ్బును ఇలా దొడ్డిదారిన పుచ్చుకుంటోంది! వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయించాను, పొద్దున్నే బ్యాంకులో ఫిర్యాదు ఇప్పించాను. వాడు పోలీసుల పేరు వినగానే జంకాడు. 2025 చట్టంలో శిక్షలు నడిపేవాళ్లకీ, ప్రచారం చేసేవాళ్లకీ, డబ్బు చేరవేసేవాళ్లకే గానీ ఆడినవాడికి కాదని చెప్పాక ధైర్యం తెచ్చుకున్నాడు.

సైట్ చాట్‌లో మాత్రం అదే జవాబు వస్తోంది: “టర్నోవర్ పూర్తి చేయండి సార్, వెంటనే పంపుతాం.” వాడు ఆడలేదు. పన్నెండు రోజులైంది. ఆ పదివేలు తెర మీద అలాగే ఉన్నాయి, పక్కన గీత సున్నా దగ్గరే ఉంది.