అర్జీలో "తగు చర్య" అంటే సరిపోదు

పల్లెల నుంచి కరెంటు ఆఫీసుకు వెళ్లే అర్జీలు చాలావరకు ఒకే మాటతో ముగుస్తున్నాయి: "దయతలచి తగు చర్య తీసుకోగలందులకు ప్రార్థన." ఆ తగు చర్య ఏమిటో అర్జీలో ఉండదు. లైన్‌మన్‌ను ఒకసారి చూసి రమ్మన్నా చర్య తీసుకున్నట్టే లెక్క. కాగితం ఫైలులో చేరుతుంది, నారుమడి ఎండుతూనే ఉంటుంది.

పొలాల ట్రాన్స్‌ఫార్మర్ సోమవారం ఉదయం కాలిపోయిందనుకుందాం. విద్యుత్ నియంత్రణ మండలి 2004లో పెట్టిన ప్రమాణాల ప్రకారం, గ్రామాల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలి. కాబట్టి ఏ.ఇ. గారికి ఇలా రాయాలి: "ఫలానా నంబరు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని కింద 12 మోటార్లు ఆగినవి. సోమవారం ఉదయం 10 గంటలకు ఫిర్యాదు ఇచ్చినాము. బుధవారం ఉదయం 10 గంటల లోగా మార్చవలెను. వీలుకానిచో కారణము, మార్చు తేదీ రాతపూర్వకముగా తెలుపవలెను." నకలుపై ఆఫీసు ముద్ర, తేదీ, గంట వేయించుకోవాలి. గడువు దాటితే పై అధికారికి చూపడానికి ఆ నకలే ఆధారం.

చాలామంది ఇదే అర్జీలో అదనపు ట్రాన్స్‌ఫార్మర్ కూడా అడుగుతారు. దానికి అంచనా, మంజూరు కావాలి. 48 గంటల గడువు వర్తించదు. రెండూ కలిస్తే మంజూరు పేరుతో మొదటి పని కూడా ఆగే ప్రమాదముంది. లోడు ఎక్కువై పదేపదే కాలుతుంటే వేరే అర్జీ పెట్టి, "ఫలానా తేదీ లోగా లోడు కొలిచి, అంచనా పంపవలెను" అని కోరాలి. ఆ అధికారి చేతిలో ఉన్న పని అంతవరకే.