హెచ్‌ఆర్‌కి మెయిల్: చూసింది రాయండి, తీర్పు రాయకండి

కెల్లీవిల్ నుంచి తెల్లారకముందే వేర్‌హౌస్ షిఫ్ట్‌కి బయల్దేరే అన్నలకి, అక్కలకి ఒక మాట.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే తోటి ఉద్యోగి దగ్గర మందు వాసన వచ్చిందనుకోండి. ముందు సూపర్‌వైజర్‌కి అప్పటికప్పుడే నోటితో చెప్పండి. మెయిల్ ఆ తర్వాత, అదే రోజు.

అందులో "ఆయన తాగి వచ్చాడు" అని రాయకండి. అది మీరు చూసింది కాదు, అనుకున్నది. ఇలా రాస్తే మేలు:

"మంగళవారం ఉదయం 6:40కి రెండో డాక్ దగ్గర ఆయన పక్కనే నిలబడి మాట్లాడాను. మద్యం లాంటి వాసన వచ్చింది. పావుగంటలో ఫోర్క్‌లిఫ్ట్ రెండుసార్లు ర్యాక్‌కి తగిలింది. కారణం నాకు తెలియదు. పరిశీలించగలరు."

షుగర్ బాగా పెరిగినా ఊపిరిలో వింత వాసన వస్తుంది. మౌత్‌వాష్ కూడా కావచ్చు. అది తేల్చాల్సింది కంపెనీ. ర్యాక్‌కి తగలడం మాత్రం కెమెరాలో ఉండొచ్చు, అందుకే టైమ్ తప్పకుండా రాయాలి. ఇంకొకరు చెప్పిన మాటైతే "నాతో ఫలానావారు అన్నారు" అని విడిగా పెట్టండి. "ఎప్పుడూ ఇంతే" అన్నారో, మీకు పాత పగ ఉందేమో అని చదివేవాళ్లకి అనుమానం వస్తుంది.

మనోడే కదా అని ఊరుకోవడం నాకు నచ్చదు. న్యూ సౌత్ వేల్స్ 2011 పని భద్రత చట్టం ప్రకారం, మనం చేసే పని వల్ల గానీ, చేయకుండా వదిలేసిన పని వల్ల గానీ ఇతరులకు హాని కలగకుండా చూసుకోవాల్సిన బాధ్యత ప్రతి వర్కర్‌దీ. అలాగని ఆయన పేరు మన గ్రూపులో పెట్టకండి, మెయిల్‌లో నలుగురినీ సీసీ చేయకండి. హెచ్‌ఆర్‌కి, అవసరమైతే సూపర్‌వైజర్‌కి, అంతే.