ఎవరు కాల్ చేస్తారు?

ఆఫీసుల్లో పెట్టే కమ్యూనికేషన్ క్లాసుల్లో ఒక స్లయిడ్ దాదాపు ఖాయంగా ఉంటుంది. ఎడమ పక్క ఎర్ర ఇంటూ మార్కుతో ‘విల్ కాల్ యు లేటర్’. కుడి పక్క ఆకుపచ్చ టిక్కుతో ‘ఐ విల్ కాల్ యు లేటర్’. కింద కారణం: మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. తెలుగువాడు ‘తర్వాత కాల్ చేస్తాను’ అంటాడు, ‘నేను’ అనడు, ఆ అలవాటునే ఇంగ్లీషులోకి మోసుకొచ్చాడు, కాబట్టి తప్పు. వినడానికి బావుంది. క్లాసులో కూర్చున్న ముప్పైమందీ తలూపుతారు. ఆ రోజు నుంచి పాపం ప్రతి మెసేజ్‌కీ ముందు ఒక ‘ఐ’ తగిలిస్తారు.

నా గొడవేమిటంటే, ఆ స్లయిడ్ తప్పు మనిషిని పట్టుకుంది. దొంగను వదిలేసి పక్కింటాయన్ని స్టేషన్‌కి తీసుకెళ్ళింది.

ఆండ్రాయిడ్ ఫోన్లో కాల్ కట్ చేస్తూ మెసేజ్ పంపే సదుపాయం ఉంటుంది కదా. అందులో ముందే రాసిపెట్టిన జవాబుల్లో ఒకటి ‘కాంట్ టాక్ నౌ’. దీనికి కర్త ఎక్కడుంది? రాసింది ఖమ్మం కుర్రాడు కాదు. ‘సీ యు లేటర్’, ‘హోప్ యు ఆర్ వెల్’, ‘లుక్స్ గుడ్ టు మీ’ - వీటన్నిటిలోనూ కర్త ఎగిరిపోయింది. ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ (1996) చదివినవాళ్ళకి తెలుసు, ఆ నవల నిండా ‘ఐ’ లేని వాక్యాలే. లిలియన్ హేగమన్ అనే భాషాశాస్త్రవేత్త 1990లోనే ఇంగ్లీషు డైరీల్లో మాయమయ్యే కర్తల గురించి వ్యాసం రాసింది. తర్వాత ఆండ్రూ వెయిర్ (2012) ఇంకాస్త లోపలికి వెళ్ళాడు. అంటే ఇంగ్లీషులో కర్త పడిపోతుంది, కానీ దానికంటూ ఒక పద్ధతి ఉంది.

ఆ పద్ధతిని మోటుగా ఇలా చెప్పుకోవచ్చు. కోత ఎడమ అంచు నుంచి పడుతుంది. వాక్యం మొదట్లో, అందరికీ తెలిసిపోయే చిన్న మాటల్ని వరసగా తీసేయొచ్చు. ‘ఆర్ యు కమింగ్?’లో ‘ఆర్’ తీస్తే ‘యు కమింగ్?’, ఇంకోటి తీస్తే ‘కమింగ్?’ రెండూ సరే. మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని మాత్రం పీకి ‘ఆర్ కమింగ్?’ అంటే చెల్లదు. ‘ఐ విల్ కాల్ యు’లో ‘ఐ’ ఎడమ అంచునే ఉంది. తీసేస్తే ఎవరికీ ఏ నష్టం లేదు.

తెలుగు పద్ధతి వేరు. మనకి అంచుతో పనిలేదు. మనం స్కూల్లో విన్న వివరణ ఏమిటంటే, క్రియ చివర్లోనే మనిషి ఉంటాడు కాబట్టి కర్త అక్కర్లేదు అని. చేస్తాను, చేస్తావు, చేస్తాడు, చేస్తారు. నిజమే, కానీ సగమే నిజం. ‘చెయ్యలేదు’ అన్నప్పుడు చివర్లో ఎవరున్నారు? నేను చెయ్యలేదు, నువ్వు చెయ్యలేదు, వాళ్ళు చెయ్యలేదు - అన్నిటికీ ఒకటే రూపం. ‘చెయ్యాలి’ కూడా అంతే. ‘చేస్తే’, ‘చేరాక’, ‘వచ్చి’ వీటికీ మనిషి గుర్తు లేదు. అయినా కర్తని హాయిగా వదిలేస్తాం, ఎందుకంటే మాట నడుస్తున్న సందర్భమే చెప్తుంది. అర్థం కాకపోతే ఎదుటివాళ్ళు ‘ఎవరు?’ అని అడుగుతారు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు అసలు దొంగల్ని చూద్దాం. ‘విల్ కాల్ యు టుమారో’ మామూలు ఇంగ్లీషు. ‘టుమారో విల్ కాల్ యు’ మాత్రం తెలుగు. ‘రేపు కాల్ చేస్తాను’లో రేపు ముందొస్తుంది, అదే వరస ఇంగ్లీషులోకి దిగింది, దాంతో కర్త ఉండాల్సిన చోటు అంచు కాకుండా నడుమ పడింది. డైరీల్లో ఇలా రాసేవాళ్ళు ఇంగ్లీషులోనూ ఉన్నారు, కానీ ఛాట్‌లో చెవికి అడ్డం తగులుతుంది. ‘విల్ కాల్ వెన్ రీచ్ హోమ్’ ఇంకా స్పష్టంగా తెలుగు. మొదటి ‘ఐ’ పోవడం తప్పు కాదు, ‘వెన్’ తర్వాతది పోవడం తప్పు. ఇక్కడ క్లాసువాళ్ళు ‘ఐ చేర్చండి’ అంటారు. ఇంకో దారీ ఉంది. మన ‘చేరాక’కి దగ్గరి చుట్టం ‘వెన్ రీచ్’ కాదు, ‘ఆఫ్టర్ రీచింగ్’. దానిలాగే దీనికీ కర్త అక్కర్లేదు. ‘విల్ కాల్ ఆఫ్టర్ రీచింగ్ హోమ్’ అంటే తెలుగు పొదుపూ దక్కుతుంది, ఇంగ్లీషూ నొచ్చుకోదు.

‘సర్, విల్ కమ్ టుమారో?’ కూడా ఇలాంటిదే. ‘విల్ యు కమ్’ నడుమ నుంచి ‘యు’ని పీకేశాం. ‘వస్తారా’లో గౌరవం క్రియలోనే ఉంటుంది. ‘యు’ అంటే ఎక్కడో మొహమ్మీద ‘నువ్వు’ అన్నట్టు అనిపించి మింగేస్తామేమో అని నా అనుమానం.

అయితే ఇవన్నీ కేవలం అందచందాల విషయమైతే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ‘ఛాట్‌లో గ్రామరేంటి బాస్, అర్థమైతే చాలు’ అనే రెండో పార్టీ ఒకటుంది. సమస్యల్లా అర్థమయ్యే దగ్గరే.

ఈ వాక్యం చూడండి. ‘సెంట్ మెయిల్ టు వెండర్ బట్ డిడ్ నాట్ రిప్లై.’ రాసినాయన మనసులో ఉన్నది ‘వెండర్‌కి మెయిల్ పంపాను కానీ రిప్లై ఇవ్వలేదు’. ‘పంపాను’లో నేను ఉన్నాను, ‘ఇవ్వలేదు’లో ఎవరూ లేరు, సందర్భాన్ని బట్టి వెండర్ అని తెలుస్తుంది. తెలుగులో ఒక్కరు కూడా తడబడరు. ఇంగ్లీషులో ‘బట్’ తర్వాత కర్త లేకపోతే ముందున్న కర్తే రెండో క్రియకీ వర్తిస్తుంది. అంటే, మెయిల్ పంపిందీ ఈయనే, రిప్లై ఇవ్వనిదీ ఈయనే. మేనేజర్ కొంచెం తికమకపడి, చివరికి లోకజ్ఞానంతో సర్దుకుంటాడు. ఇక్కడ లోకజ్ఞానం కాపాడింది. ప్రతిసారీ కాపాడదు.

మా టీమ్‌లో జరిగింది చెప్తాను. ఒక స్క్రిప్ట్ రాత్రి తొమ్మిదికి ప్రొడక్షన్ డేటాబేస్ మీద నడవాలి. నడిపే పర్మిషన్ మా తెలుగబ్బాయికీ ఉంది, ఇంకో దేశంలో కూర్చున్న డీబీఏకీ ఉంది. మావాడు డీబీఏతో ఫోన్లో మాట్లాడి గ్రూపులో పెట్టాడు: ‘స్పోక్ టు డీబీఏ. విల్ రన్ ద స్క్రిప్ట్ ఎట్ నైన్.’ అతని లోపల నడిచింది ‘డీబీఏతో మాట్లాడాను. తొమ్మిదింటికి రన్ చేస్తాడు’. మాట్లాడానులో ‘ను’, చేస్తాడులో ‘డు’. మనిషి మారాడన్న సంగతి ఆ ఒక్క అక్షరమే మోస్తోంది. ‘విల్’కి అలాంటి తోక లేదు. ఐ అయినా, హీ అయినా, దే అయినా ‘విల్’ ఒకటే. కర్త లేని ఇలాంటి ఇంగ్లీషు వాక్యాన్ని చదివేవాళ్ళు మామూలుగా వేసుకునేది ‘ఐ’. పైగా ముందు వాక్యంలో ‘స్పోక్’కి కూడా ‘ఐ’నే వేసుకున్నారు. డీబీఏ కూడా ఆ మెసేజ్ చూశాడు. ఓహో, ఫోన్ పెట్టేశాక వీడే నడుపుతానని మనసు మార్చుకున్నాడు కాబోలు అనుకున్నాడు. బొటనవేలు పెట్టి వెళ్ళిపోయాడు. మావాడికి ఆ బొటనవేలు ‘సరే, చేస్తాను’ లాగా కనిపించింది. పొద్దున రిపోర్టులు ఖాళీగా వచ్చాయి.

ఆ తర్వాతది నాకు ఇంకా మంటగా ఉంటుంది. ఎవరూ అతని వ్యాకరణాన్ని తప్పుపట్టలేదు. ‘చేస్తానని చెప్పి చెయ్యలేదు’ అన్నారు. ఆ ఏడాది అతని ఫీడ్‌బ్యాక్‌లో ‘లాక్స్ ఓనర్‌షిప్’ అని పడింది. అతను ఒప్పుకోని పనికి మాట తప్పినవాడయ్యాడు. పోనీ, క్లాసులో స్లయిడ్ అతను చూశాడా? చూశాడు. చూశాక ‘ఐ విల్ కాల్ యు’ అని బుద్ధిగా రాసేవాడు. తన గురించి చెప్పేటప్పుడు ‘ఐ’ పెట్టమన్నారు, పెట్టాడు. వేరేవాళ్ళ గురించి చెప్పేటప్పుడు ‘హీ’ ఎగిరిపోతోందని అతనికెవరూ చెప్పలేదు. అక్కర్లేని చోట కాపలా పెట్టి, కావలసిన చోట తలుపు తీసి ఉంచారు.

అందుకే నా వాదన ఇది. ఇద్దరి మధ్య ఛాట్‌లో, వాక్యం మొదట్లో, నా పని గురించి నేను చెప్తున్నప్పుడు, కర్తని నిశ్చింతగా వదిలేయొచ్చు. ‘రన్నింగ్ లేట్’, ‘విల్ పింగ్ యు’, ‘డన్’. స్టాండప్ మెసేజ్‌లూ అంతే, పైన పేరుంటుంది, కింద ఉన్నవన్నీ ఆ పేరువాళ్ళ పనులే. అక్కడ వరసగా ఆరుసార్లు ‘ఐ’ రాస్తే చదవడానికి కూడా విసుగు. కర్త మారిన మరుక్షణం మాత్రం పేరు రాయాలి. ‘హీ’ కూడా చాలదు, పేరే రాయాలి, ఎందుకంటే గ్రూపులో ‘హీ’లు నలుగురుంటారు. టికెట్‌లో అయితే అసలు వదలకూడదు. ఆర్నెల్ల తర్వాత దాన్ని తెరిచేవాళ్ళకి ఆ రోజు మీరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. ఛాట్‌లో ‘ఎవరు?’ అని అడగొచ్చు, పాత టికెట్‌ని అడగలేం. తెలుగులో కర్త వదిలేయడం సుఖంగా ఉండేది కూడా అవతల అడగడానికి మనిషి ఉన్నప్పుడే.

చివరగా ఒక చిన్నది, ఇది ఏ స్లయిడ్‌కీ దొరకదు. ‘చూద్దాం’ని మనవాళ్ళు ‘విల్ సీ’ అంటారు. ఎడమ అంచే, వ్యాకరణం పాస్. కానీ వదిలేసింది ‘నేను’ కాదు, ‘మనం’. తెలుగులో ‘చూద్దాం’ అంటే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు, అడిగిన అప్పు పుట్టదని మర్యాదగా చెప్పడం. ‘వీల్ సీ’ అన్నా కొంత ఆ ఛాయ వచ్చేది. ‘విల్ సీ’ అని చదివిన అవతలివాళ్ళు దానికి ‘ఐ’ తగిలించుకుని, వీడు ఆ సంగతి చూస్తానన్నాడని రాసుకుంటారు. శుక్రవారం ఫాలోఅప్ మెయిల్ వస్తుంది.