కప్ప ఏ ఋతువుది?

తెలుగులో హైకూని పరిచయం చేసే వ్యాసాల్లో కిగో గురించి ఒక పేరా దాదాపు తప్పదు. హైకూ ప్రకృతి కవిత కాబట్టి అందులో ఋతువును తెలిపే మాట ఒకటి ఉండాలనీ, కవి కళ్ళెదుట చూసినదాన్ని చూసినట్టు రాస్తే ఆ మాట దానంతటదే వచ్చేస్తుందనీ, దాన్నే కిగో అంటారనీ ఆ పేరా చెబుతుంది. దాన్ని చదివినవాళ్ళు రెండు దారుల్లో పోతారు. కొందరు ప్రతి హైకూలోనూ ఒక చినుకునో ఒక వెన్నెల తునకనో అతికించి నియమం తీరిందనుకుంటారు. ఇంకొందరు అది జపాను వాతావరణానికి పుట్టిన కట్టుబాటు, మనకెందుకని పక్కన పెట్టేస్తారు. పొసగని ఈ రెండు పక్షాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. కిగో పని ఇప్పుడు ఏ కాలం నడుస్తోందో చెప్పడమేనని ఇద్దరూ నమ్మారు. ఆ మాత్రం పనికి గోడ మీది క్యాలెండరు చాలు.

చంద్రుణ్ణి తీసుకోండి. జపానులోనూ ఆయన పన్నెండు నెలలూ కనిపిస్తాడు. అయినా హైకూలో వేరే విశేషణం లేకుండా 'త్సుకి' అని ఊరుకుంటే అది శరత్కాలపు చంద్రుడే. వసంతంలో చంద్రుణ్ణి చూసిన కవి 'ఒబొరొజుకి', అంటే మసక చంద్రుడు, అని విడిగా చెప్పుకోవాలి. వేసవి చంద్రుడికీ చలికాలపు చంద్రుడికీ కూడా ఏదో ఒక తోక తగిలించాలి. కంటికి కనబడినదాన్ని రాయడమే కిగో అయితే మిగతా తొమ్మిది నెలల చంద్రుడు ఏం పాపం చేశాడు? (మనకిది వింతగా తోచనక్కర్లేదు. శరచ్చంద్రిక అన్న మాట మన కావ్యాల్లో అరిగిపోయింది. నన్నయ కలం ఆగిపోయింది శారదరాత్రుల వర్ణన దగ్గరే అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం.)

సైజికి అనే పుస్తకం తెరిస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. కిగోలని ఋతువుల వారీగా పేర్చిన కోశం అది. ఒక్కో ఋతువులో కాలం, ఆకాశం, నేల, బతుకు, పండుగలు, జంతువులు, మొక్కలు అని భాగాలుంటాయి. ఒక్కో మాట కింద దాని మారుపేర్లు, చిన్న వివరణ, ఆ తరువాత ఆ మాట పెట్టి పూర్వులు కట్టిన పద్యాలు ఉంటాయి. శరత్తులో ఆకాశం భాగానికి వెళితే, ఎనిమిదో చాంద్రమాసపు పున్నమి కనిపిస్తుంది. అది మన లెక్కలో చాలా ఏళ్ళు భాద్రపద పౌర్ణమి, కొన్నేళ్ళు ఆశ్వయుజ పౌర్ణమి. ఆ మర్నాటి చంద్రుడి పేరు 'ఇజయోయి', తటపటాయించేవాడు. 17వ రాత్రివాడు 'తచిమచిజుకి', అతని కోసం నిలబడి ఎదురుచూడాలి. 18వ రాత్రి 'ఇమచిజుకి'కి కూర్చుని ఎదురుచూడాలి. 19వ రాత్రి 'నెమచిజుకి' మరీ ఆలస్యం, పడుకుని చూడాలి. చంద్రోదయం రోజుకి కాస్త వెనక్కి జరుగుతుందన్న ఖగోళ విషయం ఇందులో ఉంది గాని, పేరు మాత్రం చంద్రుడి గురించి కాదు, వాకిట్లో కాచుకున్న మనిషి గురించి.

అక్కడే ఇంకో రెండు మాటలున్నాయి. ఆ పున్నమినాడు మబ్బు కమ్మి చంద్రుడు కనిపించకపోతే 'ముగెత్సు', లేని చంద్రుడు. వాన పడితే 'ఉగెత్సు', వాన చంద్రుడు. రెండూ నిఖార్సైన కిగోలే. చూడ్డానికి ఏమీ లేని రాత్రికి కూడా కిగో ఉంది. హైకూ అంటే చూసింది చూసినట్టు రాయడమేనని సభల్లో చెప్పే పెద్దలు ఈ ముగెత్సుని ఏ అరలో సర్దుతారో నాకు తెలుసుకోవాలనుంది.

ఇక కప్ప దగ్గరికి వద్దాం. 1686లో బషో రాసిన కప్ప హైకూ తెలియని తెలుగు హైకూ పాఠకుడుండడు. చాలామంది దాన్ని వానాకాలపు దృశ్యంగా ఊహించుకుంటారు. మనకి కప్ప అంటే తొలకరి, రాత్రంతా బెకబెకలు. సైజికిలో మాత్రం కప్ప వసంతపు మాట. పైగా దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. 905 ప్రాంతంలో కూర్చిన 'కొకిన్‌షూ' సంకలనం ముందుమాటలోనే, పూలల్లో ఉగుయిసు పిట్ట గొంతునీ నీళ్ళల్లో కప్ప గొంతునీ పాటకి సాక్ష్యాలుగా చూపించారు. ఆ తరువాత కొన్ని శతాబ్దాల పాటు కవిత్వంలో కప్ప వస్తే పాడటానికే వచ్చేది, తరచుగా యమబుకి అనే పసుపు పూల పక్కన. కాబట్టి బషో కాలపు పాఠకుడు కప్ప అన్న మాట వినగానే గొంతు కోసం చెవి ఒగ్గుతాడు. బషో కప్ప గొంతు విప్పదు. అది దూకుతుంది, చప్పుడు నీళ్ళది. మొదటి పాదంలో యమబుకి పెట్టమని శిష్యుడు కికాకు సలహా ఇచ్చాడనీ, బషో ఒప్పుకోక పాత కొలనునే ఉంచాడనీ మరో శిష్యుడు షికో రాసిపెట్టాడు. యమబుకి పెడితే సంప్రదాయం మొత్తం యథాతథంగా తిరిగొచ్చేది. కొలను పెట్టడంతో విననున్న పాట ఆగిపోయి, ఆ జాగాలో నిశ్శబ్దం మిగిలింది. కప్ప అంటే పాట అన్న ఒప్పందం ముందే లేకపోతే ఈ నిశ్శబ్దానికి బలం ఎక్కడిది? కిగోని వట్టి ప్రకృతి వర్ణనగా చదివేవాడికి అక్కడ మిగిలేది ఒక కప్ప, ఒక గుంట.

ఈ ఒప్పందానికి జపాను కవులు పెట్టిన పేరు 'హొన్-ఇ', ఒక మాట అసలు స్వభావం. 16వ శతాబ్దపు రెంగా గురువు సతోమురా జోహా దీన్ని దాపరికం లేకుండా చెప్పాడు. వసంతంలో గాలి విరుచుకుపడొచ్చు, వాన దంచి కొట్టొచ్చు. అయినా పద్యంలో వసంతపు గాలీ వానా నెమ్మదిగానే ఉండాలి, అదే వాటి హొన్-ఇ అన్నాడు. ఇది అబద్ధం నేర్పడం కదా అని మనకి చిరాకు వేస్తుంది. కానీ మనం మాత్రం చేస్తున్నదేమిటి? రోహిణి కార్తె అంటే రోళ్ళు పగిలే ఎండ. ఏ సంవత్సరమైనా రోహిణిలో వారం రోజులు మబ్బు పట్టి చల్లబడితే సామెత మార్చుకుంటామా? 'ఏమిటీ, రోహిణిలో ఈ చల్లదనం!' అని ఆశ్చర్యపోతాం. ఆ ఆశ్చర్యం పుట్టడానికి సామెత అక్కడే, అలాగే ఉండాలి.

కిగో సరిగ్గా పడిందో లేదో పట్టుకునే పరీక్ష ఒకటి హైకూ గోష్ఠుల్లో నేటికీ నడుస్తోంది. 'కిగో కదులుతోంది' అంటారు. అంటే దాన్ని తీసి ఇంకో కిగో పెట్టినా పద్యానికి ఏమీ కాలేదని. ఈ తగువుకి పాత ఉదాహరణ ఒకటి బషో శిష్యుడు క్యొరాయ్ రాసిన 'క్యొరాయ్‌షో'లో ఉంది. 1690లో బషో ఓమి సీమలో, బివా సరస్సు ఒడ్డున, అక్కడి మనుషులతో కలిసి వెళ్ళిపోతున్న వసంతానికి బెంగపడుతూ ఒక పద్యం రాశాడు. షోహకు అనే శిష్యుడు ఒక చురక వేశాడు: ఇందులో ఓమి తీసేసి తంబా పెట్టినా సరిపోతుంది, వెళ్ళిపోయే వసంతం తీసేసి వెళ్ళిపోయే ఏడాది పెట్టినా సరిపోతుంది అని. బషో ఆ మాట క్యొరాయ్ ముందుంచి, నువ్వేమంటావన్నాడు. క్యొరాయ్ ఒప్పుకోలేదు. ఓమిలో ఉన్నది సరస్సు. వసంతం చివర దాని నీళ్ళ మీద మంచుతెర కమ్ముతుంది, బెంగకి కారణం అదే. ఏడాది చివర ఓమిలో ఉంటే ఈ బెంగ ఎందుకు పుడుతుంది? వసంతం చివర కొండల నడుమ తంబాలో ఉంటే మాత్రం ఎక్కడ పుడుతుంది? బషో సంతోషించి ఇంకో మెట్టు ఎక్కించాడు. ఈ సీమ వసంతాన్ని పూర్వ కవులు రాజధాని వసంతంతో సమానంగా ప్రేమించారు సుమా అన్నాడు. క్యొరాయ్ జవాబు ప్రకృతి వైపు నుంచి వచ్చింది, బషో చేర్చింది పాత కవుల జ్ఞాపకం. కిగోకి రెండూ కావాలి. మన పరిచయ వ్యాసాలు మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాయి.

కిగోలో లోటే లేదని నేను అనడం లేదు. సైజికి పుట్టింది క్యోటో, ఎదో నగరాల ఋతువుల మీద. ఉత్తరాన హొక్కైదోలో ప్లమ్ పూలూ చెర్రీ పూలూ ఇంచుమించు ఒకేసారి మే నెలలో విరబూస్తాయి. దక్షిణాన ఒకినావాలో చెర్రీ జనవరికే పూస్తుంది. దానికి తోడు 1873 జనవరి 1 నుంచి జపాను ప్రభుత్వం పాత చాంద్రమాన పంచాంగం వదిలి కొత్త క్యాలెండరుకి మారింది. నక్షత్రాల పండుగ తనబతా పాత లెక్కలో ఏడో నెల 7న, అంటే శరత్తు మొదట్లో వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల జూలై 7న, జోరువానల్లో జరుపుకుంటున్నారు. సైజికిలో అది ఇంకా శరత్తులోనే ఉంది. ఇవి చూపించి కిగోకి కాలం చెల్లిందనే వాళ్ళున్నారు. కాలం చెప్పే పరికరంగానైతే చెల్లినట్టే. నా వాదన కూడా అదే, అది మొదటి నుంచీ ఆ పరికరం కాదని. ఇక ఒగివారా సెయ్‌సెన్‌సుయ్, అతని శిష్యుడు సంతోకా లాంటివాళ్ళు కిగో నియమాన్ని కాదని రాశారు, గొప్పగా రాశారు. వదిలేసిన వాళ్ళకి తాము వదిలింది ఏమిటో తెలుసు. తెలియక వదిలినదాన్ని స్వేచ్ఛ అనలేం.

తెలుగు హైకూకి కిగో అరువు తెచ్చుకోవాల్సిన పనిలేదు, చెర్రీ పూలు అసలే అక్కర్లేదు. ఇస్మాయిల్ తన హైకూ సంపుటికి 'కప్పల నిశ్శబ్దం' అని పేరు పెట్టాడు. ఆ రెండు మాటలు మన చెవిలో మోగేది మన వానాకాలపు హోరు వల్లే. హోరు తెలిసినవాడికే ఆ నిశ్శబ్దం వినబడుతుంది. ఏరువాక, మృగశిర నాటి చేపల కూర, కొత్త కోడలు పుట్టింటికి చేరే ఆషాఢం, వేపపూత, ధనుర్మాసపు గొబ్బెమ్మ: వీటిలో ఏ ఒక్కటి అన్నా వాతావరణంతో పాటు వంటిల్లూ వాకిలీ మనుషుల ఎడబాటూ కదిలొస్తాయి. వీటిని ఒక చోట చేర్చి, ఒక్కో మాట కింద మన కవులు రాసినవి పేర్చిన సైజికి లాంటి పుస్తకం నాకింతవరకూ కనబడలేదు. అలాంటిది ఎవరైనా మొదలుపెట్టాలి.

ఈలోగా హైకూ రాసేవాళ్ళకి ఒక్క మనవి. మీరు రాసినదాంట్లో వెన్నెల ఉంటే తీసేసి ఎండ పెట్టి చదవండి. మీ ఊరి చెరువు తీసేసి పక్క జిల్లా కొండ పెట్టండి. పద్యం చెక్కుచెదరకపోతే షోహకు మాట మీ విషయంలో నిజమైనట్టే, దాన్ని అచ్చుకి పంపకండి.