ఫొటోలో నిలబెట్టిన టవర్‌కు కొలతలు రాయించండి

ఫ్లాట్ అమ్మే బ్రోషర్‌లో రోడ్డు నిజమైనదే, చెరువు నిజమైనదే, పక్కింటి నీళ్ల ట్యాంకు కూడా నిజమైనదే. మధ్యలో మెరుస్తున్న భవనం ఒక్కటే కంప్యూటర్‌లో పుట్టింది. చుట్టూ ఉన్నవాటిని మనం రోజూ చూస్తాం కాబట్టి ఆ నమ్మకం భవనానికీ అంటుకుంటుంది. ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. అసలు స్థలం ఫొటోలో రెండర్‌ను అతికించి అమ్మకానికి వాడే ప్రతి బొమ్మ కింద, కెమెరా ఎక్కడ నిలబడింది, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఏ లెన్స్ వాడారు, ఏ తేదీన ఎన్ని గంటలకు తీశారు, కెమెరా నిలిచిన నేలకూ ప్లాటు నేలకూ తేడా ఎంత అన్నది రాసి తీరాలని రెండు తెలుగు రాష్ట్రాల రెరా సంస్థలు ఆదేశించాలి. ఇది రెండు వరుసల్లో ఇమిడిపోయే సమాచారం. ఆ రెండు వరుసలుంటే బొమ్మ నిజమో కాదో స్కేలు పట్టుకుని ఎవరైనా తేల్చవచ్చు. లేకపోతే కోర్టు కూడా తేల్చలేదు.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. ఇరవై అంతస్తుల టవర్, ఎత్తు 60 మీటర్లు అనుకుందాం. దానికి 300 మీటర్ల దూరంలో చదునైన రోడ్డు మీద ట్రైపాడ్ పెట్టి, 1.6 మీటర్ల ఎత్తు నుంచి, లెవెల్ తప్పకుండా ఫొటో తీశారు. కెమెరా ఫుల్ ఫ్రేమ్‌ది, లెన్స్ 50 మిల్లీమీటర్లది, ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్లు. సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి, అంత దూరంలో ఉన్న ఒక మీటరు వస్తువు ఈ ఫొటోలో సుమారు 28 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. టవర్ దాదాపు 1670 పిక్సెళ్లు ఉండాలి. అంతకన్నా పొడుగున్నా పొట్టిగా ఉన్నా అది ఆర్టిస్టు అభిరుచి కాదు, తప్పు. ఇదే చోటు నుంచి 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే టవర్ 800 పిక్సెళ్లే వస్తుంది. రెండు ఫొటోలూ నిజమే, కానీ ఏ లెన్స్ అన్నది చెప్పకపోతే చూసేవాడికి రెండో టవర్ ఎక్కడో దూరాన ఒదిగి ఉన్నట్టు తోస్తుంది. మన ఫోన్లలో మామూలుగా తీసే ఫొటో ఈ రెండో రకానికే దగ్గరగా ఉంటుంది.

ఇక క్షితిజ రేఖ. కెమెరా ఎంత ఎత్తులో ఉంటే, చదును నేల మీద ఉన్న ప్రతి వస్తువునూ ఆ రేఖ అంతే ఎత్తులో కోస్తుంది. దగ్గరున్న మనిషైనా, దూరాన ఉన్న గోడైనా ఇదే నియమం. మన ఫొటోలో ఆ రేఖ టవర్‌ను నేల నుంచి 1.6 మీటర్ల దగ్గర, అంటే కింది అంతస్తు తలుపు పైభాగం కన్నా దిగువన దాటాలి. టవర్ అడుగు రేఖకు 44 పిక్సెళ్ల కిందకు రావాలి. ఫొటోలో రేఖ కనిపించకపోయినా పట్టుకోవచ్చు. పక్కనున్న పాత ఇంటి పిట్టగోడ అంచునూ పునాది అంచునూ పొడిగిస్తే అవి ఒక బిందువులో కలుస్తాయి. ఆ ఇంటి రెండో గోడతోనూ అలాగే చేసి, వచ్చిన రెండు బిందువులను కలిపితే అదే క్షితిజ రేఖ.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. రెండర్ అందంగా రావాలని సాఫ్ట్‌వేర్‌లో కెమెరాను నాలుగో అంతస్తు ఎత్తున పెడతారు, తర్వాత దాన్ని రోడ్డు మీద నిలబడి తీసిన ఫొటోలో అతికిస్తారు. దీన్ని పట్టడానికి కొలతలు కూడా అక్కర్లేదు. కంటి ఎత్తు కన్నా పైనున్న బాల్కనీల అడుగుభాగం మాత్రమే కనిపించాలి, వాటి నేల కనిపించకూడదు. రోడ్డు మీద నుంచి తీసినట్టున్న బొమ్మలో మూడో అంతస్తు బాల్కనీ టైల్స్ కనిపిస్తున్నాయంటే ఆ భవనానిది ఒక కెమెరా, ఆ వీధిది ఇంకో కెమెరా.

నేల చదునుగా లేకపోతే వ్యవహారం మరింత జారుడు. చెరువు కట్ట మీద నుంచి తీసిన ఫొటోలు బిల్డర్లకు ఇష్టం, ముందు నీళ్లు కనిపిస్తాయి కాబట్టి. కట్ట ప్లాటు కన్నా 4 మీటర్లు ఎత్తనుకుంటే, కెమెరా ప్లాటు నేలకు 5.6 మీటర్ల పైన ఉన్నట్టు. రేఖ ఇప్పుడు మొదటి అంతస్తు పైభాగంలోంచి పోవాలి, టవర్ అడుగు రేఖకు 156 పిక్సెళ్ల కింద ఉండాలి. ఈ 4 మీటర్లు ఎవరూ కొలవకుండా, ఆ 156 పిక్సెళ్లను 1.6 మీటర్లని లెక్కగడితే టవర్ మూడున్నర రెట్లు పెరిగిపోతుంది. అది కంటికే ఎబ్బెట్టుగా ఉంటుంది కనుక ఆపరేటర్ చేత్తో లాగి కుదిస్తాడు, ఇంత బాగుందిలే అనిపించిన చోట ఆపుతాడు. అడుగు నేలకు ఆనకపోతే ముందు ఒక చెట్ల వరుస పెడతాడు. బ్రోషర్లలో భవనం మొదలు దగ్గర అంత పచ్చదనం ఉండటానికి తోటల మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు.

దీనికి మందు సర్వేయర్ దగ్గరే ఉంది. ప్లాటు మూలన నాలుగు మీటర్ల స్టాఫ్ నిలబెట్టి, అదే కెమెరాతో, అదే చోటు నుంచి ఇంకో ఫొటో తీయాలి. మన లెక్క ప్రకారం స్టాఫ్ 111 పిక్సెళ్లు రావాలి. వస్తే దూరం, లెన్స్, స్కేలు ఒక్కసారిగా రుజువైనట్టే. స్టాఫ్ మొదలు రేఖకు ఎంత కిందుందో చూస్తే నేల తేడా కూడా తేలుతుంది.

నీడల విషయంలో తప్పుకన్నా దాపరికం ఎక్కువ. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు, కాబట్టి 60 మీటర్ల టవర్ ఉత్తరానికి 52 మీటర్ల నీడ వేస్తుంది. ఆ రోజే ఉదయం తొమ్మిదింటికి సూర్యుడు ఆగ్నేయాన 27 డిగ్రీల పైనే ఉంటాడు, నీడ వాయవ్యానికి 115 మీటర్లు సాగుతుంది. అంత దూరంలో ఎన్ని ఇళ్ల డాబాలున్నాయో, ఎన్ని సోలార్ పలకలున్నాయో ఆ బస్తీవాళ్లకు తెలుసు. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిటారు గోడకు నీడే ఉండదు. ఆ మధ్య కాలంలో, జూన్‌లో, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి తిరుగుతుంది. అంటే ఉత్తరపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ పడుతున్న బొమ్మ జూన్‌లో నిజం, డిసెంబరులో అసాధ్యం. తేదీ, సమయం రాయకపోతే ఈ రెంటికీ తేడా చెప్పలేం. సాఫ్ట్‌వేర్‌లో మన ఊరికి బదులు 40 డిగ్రీల అక్షాంశం మీది ఏ ఊరో ఉండిపోతే డిసెంబరు మధ్యాహ్నపు నీడ రెట్టింపుకు పైగా సాగుతుంది.

ఫొటోలోని కరెంటు స్తంభమే ఇక్కడ సాక్షి. చదును నేల మీద దాని నీడ ఏ దిక్కుకు ఉందో టవర్ నీడా ఆ దిక్కుకే ఉండాలి, దాని ఎత్తుకూ నీడకూ ఉన్న నిష్పత్తే టవర్‌కూ ఉండాలి. నీడ అంచు కూడా చూడండి. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కాబట్టి దూరం పెరిగేకొద్దీ నీడ అంచు మసకబారుతుంది. స్తంభం మొదలు దగ్గర అంచు స్పష్టంగా ఉంటుంది. ఉదయం తొమ్మిదింటి లెక్కలో టవర్ పైకప్పు నీడ అంచు మాత్రం మీటరుకు పైగా మసకగా ఉండాలి. కత్తితో కోసినట్టుంటే అది చేత్తో గీసిందని అర్థం. అయితే అసలు సమస్య గీసిన నీడతో కాదు, గీయని నీడతో. టవర్ గోడల మీద బాల్కనీల నీడలు ముచ్చటగా వేసి, పక్క ఇళ్ల మీద పడాల్సిన పెద్ద నీడను వదిలేసిన బొమ్మ సగం నిజమే చెబుతోంది.

ఇవన్నీ చట్టం చూసుకుంటుంది కదా అనేవాళ్లున్నారు. 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి, తప్పుకుంటామంటే వడ్డీతో సహా తిరిగివ్వాలి. మంచి సెక్షనే. కానీ బొమ్మ అబద్ధమని తేల్చాలంటే ముందు అది ఏదో ఒక మాట చెప్పి ఉండాలి. ఎక్కడి నుంచో, ఏ లెన్స్‌తోనో, ఏ నెలలోనో చెప్పని బొమ్మ దేనికీ కట్టుబడదు. ప్రకటనలో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, వెబ్‌సైటు చిరునామా ఉండాలని 11వ సెక్షన్ ఇప్పటికే అంటోంది. వాటి పక్కనే ఇంకో రెండు వరుసలు రాయమనడం కొత్త భారమేమీ కాదు.

"ఇది ఊహాచిత్రం మాత్రమే" అని మూలన చిన్న అక్షరాల్లో రాశాం కదా అని బిల్డర్లు అంటారు. ఊహాచిత్రమైతే చుట్టూ ఉన్నవీ ఊహించి గీయమనండి, అభ్యంతరం లేదు. నిజమైన చెరువును, నిజమైన వీధిని సాక్ష్యానికి పిలిచి, ఆ సాక్ష్యం లెక్కలోకి రాదనడం కుదరదు. ఖర్చు సంగతీ అంతే. అనుమతి కోసం వేసిన నమూనా అసలు కొలతల్లోనే కంప్యూటర్‌లో ఉంటుంది. ప్లాటు హద్దులకు, మట్టాలకు సర్వే ఎలాగూ జరుగుతుంది. కొత్తగా కావలసింది ట్రైపాడ్, స్టాఫ్, ఒక పూట పని.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. కొలతలు సరిగ్గా ఉన్న ఫొటో కూడా కన్ను చూసినట్టు చూపించదు, అరచేతిలోని ఫోన్‌లో అరవై మీటర్ల టవర్ బొటనవేలంత ఉంటుంది. నిజమే. మన 50 మిల్లీమీటర్ల ఫొటోను 39 సెంటీమీటర్ల వెడల్పున అచ్చువేసి 54 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తేనే టవర్ అక్కడ నిలబడి చూసినంతగా కనిపిస్తుంది. కాబట్టి ఆ దూరం కూడా బొమ్మ కింద రాయాలి. బ్రిటన్‌లో ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ 2019లో తెచ్చిన మార్గదర్శక పత్రం ఇలాంటి వివరాలనే అడుగుతుంది. స్విట్జర్లాండ్‌లో చాలాచోట్ల ఇంకో అడుగు ముందుకేసి, కట్టబోయే భవనం రూపురేఖలు తెలిసేలా స్థలంలోనే గడలు పాతిస్తారు. మన ఇరవై అంతస్తులకు అది సాధ్యమయ్యే పని కాకపోవచ్చు. కనుకనే ఫొటో అయినా ఖచ్చితంగా ఉండాలి.

కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా మోసం చేయవచ్చు. నీడ పడని వైపు నుంచి, వెడల్పు రోడ్డు వైపు నుంచి మాత్రమే ఫొటో తీస్తే చాలు. అందుకని ఒక బొమ్మ ఉత్తరం వైపు ఇళ్ల నుంచి, డిసెంబరు ఉదయపు ఎండలో చూపాలన్న నియమం కూడా కావాలి. గోడల రంగు, గాజు మెరుపు, పదేళ్ల తర్వాత పెరగబోయే చెట్లు ఈ నియమాలకు దొరకవు, వాటిని ఆర్టిస్టుకే వదిలేద్దాం.

ఈ కోరికతో మీ రాష్ట్ర రెరా సంస్థకు అర్జీ పెట్టండి, కాలనీ సంఘం తరఫున అయితే ఇంకా మంచిది. ఈలోగా బుకింగ్ ఆఫీసుకు వెళ్లినవారు రెండర్ అతికించని అసలు ఫొటోను, స్టాఫ్ నిలబెట్టి తీసిన ఫొటోను చూపమని అడగండి. అడ్వాన్సు రసీదు వెనక కెమెరా చోటు, ఎత్తు, లెన్స్, తేదీ, సమయం రాయించి సంతకం తీసుకోండి.