నిటారుగా కూర్చుంటే చాలదు

వీపు నొప్పి అనగానే "నిటారుగా కూర్చో" అని పిల్లలను గద్దించే పెద్దలతో నాకు పేచీ ఉంది. ఇంటర్ చదువుతున్న ఒక విద్యార్థి, రెండు రెక్కల నడుమ మంటగా లాగుతోందని నా వద్దకు వచ్చాడు. ఎక్స్‌రేలో దోషమేమీ లేదు. తండ్రి అప్పటికే వీపుకు బెల్టు కొనిపెట్టారు. అసలు సంగతి హాస్టల్‌లో ఉంది: మూడు గంటల స్టడీ అవర్, మధ్యలో లేస్తే వార్డెన్ కేకలు.

పుస్తకంపైకి వంగినంతసేపూ తల బరువును మెడ వెనుక, రెక్కల నడుమ ఉన్న కండరాలే పట్టి ఉంచుతాయి. కర్రలా బిగుసుకుని కూర్చున్నా అవే కండరాలు అలసిపోతాయి. బెల్టు ఆ కదలికను మరింత తగ్గిస్తుంది.

కనుక బెల్టు తీయించి, అరగంటకొకసారి లేచి ఒక నిమిషం నడవనివ్వమని వార్డెన్‌కు చీటీ రాసిచ్చాను. కుర్చీ వీపు అంచు రెక్కల దగ్గర ఆనేలా కూర్చుని, చేతులు తల వెనుక కట్టుకుని, ఊపిరి వదులుతూ మెల్లగా ఐదుసార్లు వెనక్కి వాలమన్నాను. నడుము మాత్రం వంగకూడదు. మూడు వారాలకు నొప్పి చాలావరకు తగ్గింది. దూరప్రయాణాలకు కారు నడిపేవారూ గంటన్నరకొకసారి బండి ఆపి దిగాలి.

అయితే రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళ తిమ్మిరి ఉంటే వెన్నుపూస క్షయ వంటివి ఉన్నాయేమో పరీక్షించాలి. నడిస్తే ఎక్కువై, ఆయాసమో చెమటలో పట్టించే నొప్పి గుండెది కావచ్చు. అప్పుడు వ్యాయామం చేస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.